కస్టమర్ మెసేజ్ పాంఫ్లెట్‌లోకి ఎక్కేలోపు చేయాల్సిన పనులు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంట్లోనే ఆవకాయ, అప్పడాలు, వడియాలు పెట్టి అమ్మే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఆర్డర్లు ఎక్కువగా వాట్సాప్‌లోనే వస్తాయి. అలాంటివాళ్లకు పాంఫ్లెట్లు, స్టేటస్ కార్డులు, సీసా లేబుళ్లు డిజైన్ చేయడం నా పని. సీజన్ మొదలవగానే ప్రతి ఒక్కరూ నాలుగైదు స్క్రీన్‌షాట్లు పంపి, "వీటిలోంచి మంచి మాటలు తీసి వేయండి" అంటారు. ఆ మంచి మాటలు తీయడంలోనే తప్పులన్నీ జరుగుతాయి. అందుకే ఒకే ఒక్క మెసేజ్‌ తీసుకుని, అది ప్రకటనగా మారేదాకా ఏమేం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఈ కింది మెసేజ్ నిజంగా ఒకరు పంపింది కాదు. నేను రోజూ చూసే మెసేజ్‌లలో ఉండే రకరకాల మాటలు కలిపి నమూనాగా రాశాను.

"అక్కా, ఆవకాయ అందింది. ఇంట్లో అందరికీ నచ్చింది. మా పెద్దోడు రోజూ పెరుగన్నంలోకి అదే అడుగుతున్నాడు. కాకపోతే ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైంది. మూత దగ్గర నూనె కూడా కారింది. మా అత్తయ్యకి షుగర్, ఆవిడ తిన్నా ఏమీ కాలేదు. బజార్లో కొన్నదానికన్నా చాలా నయం. ఇంకో అరకిలో పంపండి."

దీన్ని చూడగానే చాలామంది రాసే ప్రకటన ఇలా ఉంటుంది: "ఇంటిల్లిపాదికీ నచ్చిన ఆవకాయ! షుగర్ ఉన్నవాళ్లూ నిశ్చింతగా తినొచ్చు! బజారు పచ్చళ్లన్నిటికన్నా మేలు! – ఒక సంతృప్తి చెందిన కస్టమర్." ఇందులో మొదటి వాక్యం ఒక్కటే ఆమె అన్న మాటకు దగ్గరగా ఉంది. రెండోది చట్టానికి విరుద్ధం. మూడోది ఆమె అననిది. చివరి సంతకం ఎవరిదో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని ఎవరూ నమ్మరు.

ముందు అసలు మెసేజ్‌ను భద్రం చేయండి

స్క్రీన్‌షాట్ ఒక్కటీ సరిపోదు. సగం మెసేజ్ మాత్రమే పడుతుంది, తేదీ కనిపించదు, ఫోన్ మారితే గ్యాలరీలో దొరకదు. కస్టమర్ గానీ మీరు గానీ ఆ చాట్‌కు మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకుని ఉంటే అసలు మెసేజే మిగలదు. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని గడువు పెట్టుకునే వీలు వాట్సాప్‌లో ఉంది. కాబట్టి వాడుకోవాలనుకున్న రోజే ఆ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి.

దాంతోపాటు ఒక నోట్‌బుక్‌లో నాలుగు వివరాలు రాసుకోండి: ఏ తేదీన వచ్చింది, ఏ సరుకు గురించి, ఆ సరుకు ఏ విడతలో పెట్టింది, డబ్బులిచ్చి కొన్నారా లేక మీరు ఉచితంగా ఇచ్చారా. కొన్నట్టు రుజువుగా బిల్లు నంబరో, యూపీఐ చెల్లింపు తేదీయో పక్కన వేయండి. పని చిన్నదే కానీ చట్టం అడిగేది దీన్నే. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రకటనలో వాడే కస్టమర్ అభిప్రాయం ఆ మనిషి నిజంగా అనుకున్నదై ఉండాలి, మరీ పాతది కాకూడదు, ఆ సరుకు గురించి తగినంత తెలిసో వాడిన అనుభవంతోనో చెప్పినదై ఉండాలి. మెసేజ్ నిజమేనని నోటితో చెబితే చాలదు, చూపించగలగాలి.

ఆవకాయ విషయంలో విడత వివరం మరీ ముఖ్యం. మామిడికాయ ఏటా ఒకేలా రాదు. ఉప్పు, కారం, ఆవపిండి ఒక్కో విడతకు కాస్త మారతాయి. నిరుడు పెట్టిన జాడీ మీద వచ్చిన పొగడ్త ఈ ఏడాది జాడీకి చెల్లుతుందో లేదో మీకు తెలియాలంటే ఆ పొగడ్త ఏ జాడీదో రాసుకుని ఉండాలి.

అనుమతి అడగడం

మెసేజ్ మీ ఫోన్‌కు వచ్చినంత మాత్రాన అది మీ సొత్తు కాదు. ఆమె మీకు రాసింది, ఊరందరికీ కాదు. అనుమతి అడిగేటప్పుడు "మీ రివ్యూ వాడుకోవచ్చా?" అని ఊరుకుంటే ఆమెకు స్టేటస్ గుర్తొస్తుంది, మీ మనసులో ఫ్లెక్సీ ఉంటుంది. అందుకని ఏ మాటలు, ఎక్కడ, ఏ పేరుతో, ఎన్నాళ్లు అన్నవి నాలుగూ అందులోనే ఉండాలి. నేను నా క్లయింట్లకు ఇచ్చే నమూనా ఇది:

"నమస్తే అండీ. ఆవకాయ గురించి మీరు రాసిన మాటల్లో ఈ రెండు లైన్లు మా పాంఫ్లెట్‌లోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ వేసుకోవాలనుకుంటున్నాం: '...'. పేరు పూర్తిగా వేయమంటారా, ఊరు పేరు మాత్రం చాలా, అసలు వద్దా? వచ్చే ఉగాది వరకు వాడతాం. ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం, అప్పటికే పంచిన పాంఫ్లెట్లు మాత్రం వెనక్కి రావు. వద్దన్నా ఏమీ అనుకోం, మీ ఆర్డర్‌కు దీనికీ సంబంధం లేదు."

చివరి వాక్యాన్ని కొందరు తీసేస్తుంటారు. తీయకండి. ఇక్కడ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకే వీధివాళ్లో, ఒకే గుడికి వెళ్లేవాళ్లో, దూరపు చుట్టాలో అయి ఉంటారు. మొహమాటానికి ఒప్పుకున్నది అనుమతి కాదు. కాదనడానికి దారి ముందే చూపిస్తేనే "సరే" అన్న మాటకు విలువ. అలాగే ఈ మెసేజ్‌ను కొత్త ఆర్డర్ కోసం వాళ్లు ఎదురుచూస్తున్న రోజున పంపకండి. సరుకు అందాక, లెక్క తేలాక పంపండి.

పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగరు. "గాంధీనగర్ టీచరమ్మ" అని వేస్తే బరంపురం తెలుగువాళ్లలో సగం మందికి ఎవరో తెలిసిపోతుంది. పేరు వద్దన్నవాళ్లకు "కస్టమర్, గంజాం జిల్లా" అని వేయండి, అంతకన్నా వివరం వద్దు. మన నమూనాలో ఇంకా ఇద్దరున్నారు, అత్తయ్యా పెద్దోడూ. కోడలు తన మాటకు అనుమతి ఇవ్వగలదు కానీ అత్తగారి షుగర్ గురించి ఊరికి చెప్పే అనుమతి ఆవిడ దగ్గర లేదు. పిల్లల ఫోటో పంపినా తల్లిదండ్రులు విడిగా, స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వాడకండి. నన్నడిగితే పచ్చడి ప్రకటనకు పిల్లల ముఖం అక్కర్లేదు.

కత్తిరించడం

మెసేజ్ మొత్తం పాంఫ్లెట్‌లో పట్టదు, కత్తిరించక తప్పదు. ఎక్కడ కత్తిరిస్తే న్యాయం అన్నదానికి నేను ఒకే పరీక్ష పెడతాను. కత్తిరించిన ముక్కను ఆమెకు చూపిస్తే "అవును, నేనన్నది ఇదే" అనాలి. "అన్నాను కానీ..." అని ఆగితే కత్తెర తప్పుచోట పడినట్టే.

ఆమె మెసేజ్ మొత్తం మీద ఏం చెబుతోంది? పచ్చడి నచ్చింది, రెండు చిన్న లోపాలున్నాయి, మళ్లీ కొంటోంది. కాబట్టి "నచ్చింది" అన్న ముక్క తీయడం అబద్ధం కాదు. అదే మెసేజ్ "రుచి బాగానే ఉంది కానీ ఉప్పు వల్ల ఎవరూ తినలేకపోయాం" అని ఉండి, మీరు "రుచి బాగానే ఉంది" అంతవరకే తీసుకుంటే అది అబద్ధమే. మాటలు ఆమెవే అయినా, అర్థం ఆమెది కాదు.

మధ్యలో వదిలేసిన చోట మూడు చుక్కలు పెట్టండి. అక్షరదోషాలు దిద్దవచ్చు. "పెద్దోడు"ను "పెద్ద కుమారుడు" చేయకండి. ఆ మాట అలా ఉంటేనే ఎవరో మనిషి చెప్పినట్టుంటుంది, మార్చితే డిజైనర్ రాసినట్టుంటుంది. రెండు వేర్వేరు కస్టమర్ల వాక్యాలను కలిపి ఒకరి పేరు కింద వేయడం కూడా చాలాచోట్ల చూస్తాను. ఆ మాటలు కలిపి అన్న మనిషి ఎవరూ లేరు కాబట్టి అది కల్పితమే.

ఉప్పు మాట ఉంచాలా తీసేయాలా? ఒక్కరే అన్నారా, పలువురు అన్నారా చూడండి. ఈ విడత మీద వచ్చిన మెసేజ్‌లన్నీ తిరగేస్తే ఆమె ఒక్కరే అన్నట్టయితే తీసేసినా ఎవరినీ మోసం చేసినట్టు కాదు. అయిదారుగురు అదే మాట అంటే అది ఆ జాడీ గుణం. దాన్ని దాచి పొగడ్తలే వేస్తే కొన్నవాళ్లు మొదటి ముద్దలోనే కనిపెడతారు. అప్పుడు "ఉప్పు కాస్త ముందుంటుంది" అన్న మాటను ఉంచేయండి. అమ్మకం తగ్గుతుందని భయపడతారు కానీ, ఉప్పు తక్కువ తినేవాళ్లు కొనకుండా ఆగుతారు, మిగతావాళ్లు తెలిసి కొంటారు, వాపసు గొడవ తగ్గుతుంది. నూనె కారిన సంగతి ప్రకటనకు సంబంధించింది కాదు. అది మూత కింద సీలు వేయించాల్సిన పని, వేయించి ఆమెకు చెప్పండి.

షుగర్ మాట: కస్టమర్ నోటితో వచ్చినా వేయకూడదు

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది: "మేం అనలేదు కదా, కస్టమర్ అన్నారు" అని. ఆ మాటను ఎంచి, ముద్రించి, పంచింది మీరు. కాబట్టి అది మీ ప్రకటనే. ఒకావిడ తిన్నాక ఏమీ కాకపోవడం ఆవిడ అనుభవం. "షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చు" అన్నది అందరికీ వర్తించే ఆరోగ్య హామీ. దాన్ని ఆవకాయకు నిరూపించే దారి ఇంట్లో పచ్చడి పెట్టేవాళ్లకు లేదు. ఆహార భద్రత చట్టంలోని 53వ సెక్షన్ కింద ఆహార పదార్థం గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ.10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కూడా మొదటిసారి రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా వేసే అధికారం ఉంది. చిన్న వ్యాపారానికి అంత వేస్తారని నేననడం లేదు. జరిమానా కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ లైన్ చదివి నిజంగా రోజూ రెండుపూటలా తినే ఇంకో అత్తయ్యగారు.

ఇదే కోవలో వచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. "గ్యాస్ రాలేదు", "మోకాళ్ల నొప్పులు తగ్గాయి", "పిల్లాడికి ఆకలి పెరిగింది" లాంటివి నిజాయితీగానే రాసి ఉండవచ్చు, అయినా వేయకండి. "కెమికల్స్ అస్సలు లేవు" అని కస్టమర్ రాస్తే అది ఆమెకు తెలిసే విషయం కాదు, మీకు తెలిసే విషయం. నిజమైతే ఏమేం వేశారో లేబుల్‌పై మీ మాటగా రాయండి, ఆమె నోట పెట్టకండి.

"బజార్లో కొన్నదానికన్నా నయం" అన్నది రుచి గురించి ఆమె అభిప్రాయం, ఏ కంపెనీ పేరూ లేదు. కొటేషన్ గుర్తుల మధ్య, ఆమె మాటగా వేయవచ్చు. దాన్ని పాంఫ్లెట్ హెడ్డింగ్ చేస్తే మాత్రం అది మీ వాదన అయిపోతుంది. "అన్నిటికన్నా" అన్న పదం చేర్చడానికి అసలు వీల్లేదు.

ఇన్ని తీసివేతల తర్వాత మన పాంఫ్లెట్‌లో మిగిలేది ఇది:

"ఇంట్లో అందరికీ నచ్చింది. మా పెద్దోడు రోజూ పెరుగన్నంలోకి అదే అడుగుతున్నాడు... ఇంకో అరకిలో పంపండి." – కస్టమర్, బరంపురం. ఈ ఏడాది ఆవకాయ, మే నెల.

మొదట చూసిన మూడు ఆశ్చర్యార్థకాల ప్రకటన పక్కన దీన్ని పెట్టి చదవండి. పెరుగన్నం, పెద్దోడు, మళ్లీ ఆర్డర్. ఇవి ఎవరూ కూర్చుని కల్పించేలా ఉండవు, అందుకే పని చేస్తాయి.

ఒడియాలో వచ్చిన మెసేజ్‌లు

ఇక్కడ సగం కస్టమర్లు ఒడియావాళ్లు. వాళ్ల మాటను తెలుగు పాంఫ్లెట్‌లో వేసేటప్పుడు పొగడ్త మోతాదు తెలియకుండానే పెరుగుతుంది. "చళిబ" అని రాస్తే "పర్వాలేదు, నడుస్తుంది" అని. దాన్ని "చాలా బాగుంది" అని వేసిన పాంఫ్లెట్లు చూశాను. రెండు భాషలూ వచ్చిన, మీ వ్యాపారంతో సంబంధం లేని ఒకరికి తెలుగు వాక్యం మాత్రమే ఇచ్చి తిరిగి ఒడియాలో చెప్పమనండి. అసలు మెసేజ్‌కు దగ్గరగా వస్తే సరే. పక్కన "ఒడియా నుంచి" అని చిన్నగా వేయండి. రెండు లిపుల్లోనూ ముద్రిస్తే ఇంకా మంచిది, మన ఊళ్లలో రెండూ చదివేవాళ్లు చాలామంది ఉన్నారు కదా.

ఉచితంగా ఇచ్చిన సీసాలు, చుట్టాల మాటలు

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పదిమందికి చిన్న సీసాలు ఉచితంగా ఇచ్చి అభిప్రాయం అడుగుతారు. అందులో తప్పు లేదు. కానీ ఆ అభిప్రాయం ప్రకటనలోకి వస్తే ఆ సంగతి చెప్పాలి. 2022 మార్గదర్శకాలు దీన్నే అడుగుతాయి: చెప్పినవాళ్లకూ అమ్మినవాళ్లకూ మధ్య చదివేవాళ్లు ఊహించని సంబంధం ఉంటే దాన్ని పూర్తిగా వెల్లడించాలి. "రుచి చూడటానికి మేమిచ్చిన సీసా" అని ఆ కొటేషన్ కిందే, అదే భాషలో, చదవగలిగే సైజులో వేయండి. పాంఫ్లెట్ వెనక చివరి లైన్లో వేస్తే వేయనట్టే. వదినగారో బావగారో చెప్పిన మాటైతే "మా బంధువులు" అని చెప్పాల్సిందే, అలా చెప్పడం బాగోదనిపిస్తే ఆ మాట వేయకపోవడమే మేలు. ఇన్‌స్టాలో వీడియోలు చేసే స్థానికులకు డబ్బిచ్చినా ఇదే నియమం.

గూగుల్‌ రివ్యూలకు మాత్రం ఈ వెసులుబాటు కూడా లేదు. రివ్యూ రాస్తే డిస్కౌంట్, ఉచిత ప్యాకెట్ లాంటివి గూగుల్ నిషేధించింది, చెప్పి ఇచ్చినా సరే. నచ్చినవాళ్లను మాత్రమే ఎంచి రివ్యూ రాయమనడమూ నిషేధమే. కాబట్టి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌ను ప్రింట్ తీసి ప్రతి పార్సిల్‌లోనూ పెట్టండి, నూనె కారిన పార్సిల్‌కు బదులుగా పంపే దాంట్లో కూడా. మీ రెండో ఫోన్ నుంచి మీరే కస్టమర్‌లా రాసుకోవడం గురించి ఒక్క మాట. ఆన్‌లైన్ మార్కెట్లలో అమ్మేవాళ్లు కస్టమర్‌గా నటించి రివ్యూ రాయకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే స్పష్టంగా ఉంది.

చెడ్డ రివ్యూ వస్తే తీయించే ప్రయత్నం కన్నా జవాబు మంచిది. "ఉప్పు ఎక్కువైందన్నారు, నిజమే అండీ. ఈ విడతలో ఇంకొందరూ చెప్పారు. వచ్చే విడతలో తగ్గిస్తున్నాం. మీ సీసా వెనక్కి పంపితే డబ్బులిస్తాం." ఇలాంటి జవాబు ఉన్న మూడు నక్షత్రాల రివ్యూను చదివి ఆర్డర్ పెట్టినవాళ్లు నా క్లయింట్లలో చాలామందికి దొరికారు.

పనికొచ్చే మాట రావాలంటే ఎలా అడగాలి, ఎక్కడ పెట్టాలి

"ఎలా ఉందండీ?" అని అడిగితే "సూపర్" అని వస్తుంది. దానితో చేసేదేమీ లేదు. దానికి బదులు రెండు ప్రశ్నలు అడగండి: "దేనిలోకి కలుపుకుని తిన్నారు?" "కొనే ముందు ఏమైనా అనుమానం ఉండిందా, ఇప్పుడేమంటారు?" రెండో ప్రశ్నకు వచ్చే జవాబే బంగారం. "హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి పంపితే దారిలో కారిపోతుందేమో అనుకున్నా, శుభ్రంగా చేరింది" అని ఒకరు రాస్తే ఆ మాటను పొగడ్తల పెట్టెలో కాకుండా పార్సిల్ చార్జీలు రాసిన చోట, దాని పక్కనే పెట్టండి. చదివేవాళ్లకు ఆ అనుమానం వచ్చేది అక్కడే. చిన్న పాంఫ్లెట్‌కు ఒకటి, మహా అయితే రెండు మాటలు చాలు.

నక్షత్రాలు వేస్తే ఎంతమంది ఇచ్చారో, ఏ నెల లెక్కో కూడా వేయండి. అయిదుగురిచ్చిన 5 నక్షత్రాలను ఒంటరిగా పెద్ద అక్షరాల్లో వేస్తే వందలమంది ఇచ్చినట్టు కనిపిస్తుంది.

ఎప్పుడు తీసేయాలి

సరుకు మారితే మాట చెల్లదు. నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయ మీద వచ్చిన మెసేజ్‌ను, ధర పెరిగిందని వేరుశనగ నూనెకు మారాక వాడకూడదు. మిరపకారం రకం మారినా, పచ్చడి పెట్టే మనిషి మారినా అంతే. నోట్‌బుక్‌లో విడత రాసుకోమన్నది ఇందుకే. కొత్త జాడీ తెరిచిన రోజున పాత మాటలన్నీ ఒకసారి చూసి, చెల్లనివి కొట్టేయండి. పాంఫ్లెట్లు ఒక్కో సీజన్‌కు సరిపడానే ముద్రించండి, మిగిలినవి మరుసటి ఏడు పంచాలని ఆశ పుడుతుంది.

కస్టమర్ వద్దంటే కారణం అడగకండి. స్టేటస్, ఇన్‌స్టా పోస్టు అదే రోజు తీయవచ్చు. ఫ్లెక్సీ మీద ఆ లైన్‌పై స్టిక్కర్ అంటించవచ్చు. మిగిలిన పాంఫ్లెట్లు పంచడం ఆపండి. ఇప్పటికే పంచినవి వెనక్కి రావు. ఆ సంగతి అనుమతి అడిగేనాడే ఆమెకు చెప్పి ఉంచాలి. తీసేశాక "తీసేశాం అండీ" అని ఒక మెసేజ్ పెట్టి, నోట్‌బుక్‌లో ఆ పేరు ఎదురుగా తేదీ వేయండి.